రాత్రిపూట మొక్క బరువెందుకు పెరిగింది: తూకం ప్రాజెక్టు డైరీ

కుండీలో ఉన్న మొక్క రోజుకి ఎన్ని నీళ్లు వదులుతోందో బరువు తగ్గడాన్ని బట్టి కొలవాలన్నది మా ప్రాజెక్టు. మట్టి, తడి, మొక్క అన్నీ కలిపి కుండీ 4 కిలోల దగ్గర తూగుతుంది. పగలంతా కలిపి తగ్గేది కొన్ని పదుల గ్రాములే, అందుకని 4 కిలోల్లో 5 గ్రాములు అటూ ఇటూ అయినా మాకు పెద్ద లెక్కే. కింద 10 కిలోల లోడ్ సెల్ ఉంది, దాని సన్నటి సిగ్నల్‌ని అంకెలుగా మార్చే HX711 బోర్డు ఉంది, ఆ అంకెలు చదివి ఫైల్లో రాసే ESP32 ఉంది. నిమిషానికోసారి ఒక వరుస చేరుతుంది. పనిముట్ల కథ ఇంతే, ఇందులో కొత్తేమీ లేదు.

కొత్తగా చెప్పాల్సింది నోట్‌బుక్ గురించి. ఈ ప్రాజెక్టులో ఒక ఫలితం చాలా ఆకర్షణీయంగా కనబడింది, తర్వాత అది నిజం కాదని తేలింది. ఎలా తేలిందో పేజీల వారీగా చెప్పొచ్చు, ఎందుకంటే ప్రతి అడుగూ అప్పటికప్పుడు రాసి ఉంది. అందుకే ఈసారి డైరీలో సర్క్యూట్ కంటే ఆ పేజీల గురించే ఎక్కువ రాస్తున్నాను.

పేజీలో ఏం ఉంటుంది

కుట్టిన బైండింగ్ ఉన్న మామూలు పుస్తకం, పేజీ నంబర్లు ముందే వేసేశాం, పెన్నుతోనే రాస్తాం. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాస్తాం, కింద ఉన్నది చదవగలిగేలా ఉండాలి. విడి కాగితాలు వద్దనుకున్నాం, పేజీ చిరిగితే చిరిగినట్టు తెలియాలి కదా. ప్రతి పరీక్షకీ ఒక నంబరు, అదే నంబరు ఫైలు పేరులోనూ ఉంటుంది. 17వ పరీక్ష డేటా `T17.csv`లో ఉంటుంది, పుస్తకంలో 17 అని వెతికితే పేజీ దొరుకుతుంది.

పేజీ పై సగం పరీక్ష మొదలుపెట్టకముందే నింపాలి, కింది సగం అయ్యాక. పై సగంలో మూడు విషయాలు: ఏం తెలుసుకోవాలని చేస్తున్నాం, ఏం వస్తుందని అనుకుంటున్నాం, ఏం వస్తే మా అనుకోలు తప్పని ఒప్పుకుంటాం. మూడోది రాయడం చాలా ఇబ్బందిగా ఉంటుంది. కానీ మొత్తం పేజీలో విలువైన వాక్యం అదే. రీడింగ్ చూశాక "ఆఁ, ఇలాగే వస్తుందనుకున్నాం" అనడం ఎవరికైనా తేలికే, ముందే రాసి ఉంటే అలా అనడానికి కుదరదు.

కింద పనిముట్ల గుర్తులు ఉంటాయి. మా దగ్గర ఒకేలా కనబడే HX711 బోర్డులు రెండున్నాయి, వాటి మీద మార్కర్‌తో B1, B2 అని రాశాం. లోడ్ సెల్ L1. బోర్డు మారిస్తే సున్నా రీడింగ్ కూడా మారిపోతుంది కాబట్టి ఏ పరీక్షలో ఏది వాడామో లేకపోతే రెండు పరీక్షల్ని పోల్చడం కుదరదు.

గ్రాములు కాదు, ముడి రీడింగ్

మొదట్లోనే తీసుకున్న ఒక నిర్ణయం తర్వాత చాలా చోట్ల కాపాడింది. ESP32 గ్రాములు రాయదు. HX711 ఇచ్చిన అంకెని ఉన్నదున్నట్టు రాస్తుంది. గ్రాములుగా మార్చడం, సవరణలు చేయడం అన్నీ తర్వాత కంప్యూటర్ మీద వేరే స్క్రిప్టులో జరుగుతాయి, ఆ స్క్రిప్టుకీ ఒక వెర్షన్ ఉంటుంది.

మా సెల్ 10 కిలోల బరువుకి ఒక్కో వోల్టుకి 1 మిల్లీవోల్టు సిగ్నల్ ఇస్తుంది. HX711ని 128 రెట్ల గెయిన్‌లో వాడుతున్నాం. లెక్క వేస్తే గ్రాముకి దాదాపు 215 అంకెలు రావాలి. కాలిబ్రేషన్‌కి ఒక ఇనుప బిళ్లని ధ్రువీకరించిన తూకం మీద తూచి తెచ్చాం, 3,982 గ్రాములు. బిళ్ల మీద 4 కిలోలనే అచ్చు ఉంది కానీ దాన్ని నమ్మలేదు. ఖాళీ పళ్లెం రీడింగ్ 84,200, బిళ్ల పెట్టాక 939,530. తేడాని 3,982తో భాగిస్తే గ్రాముకి 214.8 వచ్చింది. లెక్కకీ కొలతకీ ఇంత దగ్గరగా కుదిరితే వైరింగ్, గెయిన్ సరిగ్గానే ఉన్నాయని ధైర్యం.

ఈ పేజీలోనే ఇంకో చిన్న విషయం ఉంది. బిళ్ల పెట్టగానే రీడింగ్ 939,300 దగ్గర మొదలై మెల్లగా పాకుతూ అరగంటకి 939,530 దగ్గర నిలబడింది. అంటే ఒక గ్రాము పైన కదిలింది. లోడ్ సెల్ మీద బరువు పెట్టాక లోహమూ దానికి అంటించిన గేజి జిగురూ సర్దుకునేదాకా ఇలా పాకడం మామూలే, దీన్ని క్రీప్ అంటారు. అందుకే ఆ రోజు నుంచి బరువు పెట్టిన టైము, రీడింగ్ తీసుకున్న టైము రెండూ రాస్తున్నాం, మధ్యలో కనీసం 30 నిమిషాలు ఉండాలి. ఒక్క టైమే రాసి ఉంటే ఆ రీడింగ్ సర్దుకున్నాక తీసిందో ముందు తీసిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

వెర్షన్ చేత్తో రాయకూడదు

ఫర్మ్‌వేర్ వెర్షన్ నంబరుని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని పుస్తకంలో రాయడం మీద మాకు నమ్మకం లేదు. కోడ్‌లో ఒక లైను మార్చి, ఎక్కించి, నంబరు మార్చకుండానే పరీక్ష మొదలుపెట్టడం ఎవరి విషయంలోనైనా జరిగేదే. అందుకని బిల్డ్ అయ్యేటప్పుడే గిట్‌ని అడిగి, వచ్చిన జవాబుని కోడ్‌లో కలిపేస్తాం.

```
git describe --tags --always --dirty
```

దీనికి ఇలాంటి జవాబు వస్తుంది: `v0.2-6-g3fa91c7-dirty`. అంటే 0.2 ట్యాగ్ తర్వాత 6 కమిట్లు అయ్యాయి, ఇప్పుడున్న కమిట్ గుర్తు 3fa91c7తో మొదలవుతుంది, దాని ముందున్న g గిట్‌ది, చివరి `-dirty`కి అర్థం కమిట్ చేయని మార్పులు కూడా ఈ బిల్డ్‌లో ఉన్నాయని. పరికరం ఆన్ అవ్వగానే ఈ వరసని తనే ఫైలు మొదట్లో రాసుకుంటుంది:

```
# test=T17 fw=v0.2-6-g3fa91c7 board=B1 cell=L1
# time,mean,min,max,temp_c
```

పుస్తకంలో దాన్ని చూసి రాస్తాం, తలలోంచి రాయం. `-dirty` కనబడితే పరీక్ష ఆపేసి ముందు కమిట్ చేయాలన్నది నియమం. మరీ తొందరైతే ఉన్న తేడాని `git diff HEAD > Txx.patch` అని ఫైల్లో దాచి, దాని పేరు పేజీలో రాయాలి. ఒక లోటు ఉంది, తెలిసి ఉండాలి: గిట్‌కి ఇంకా చేర్చని కొత్త ఫైళ్లని `--dirty` లెక్కలోకి తీసుకోదు. కొత్త ఫైలు పెట్టి `git add` చేయకపోతే గుర్తు శుభ్రంగానే కనబడుతుంది, కానీ ఆ బిల్డ్‌ని మళ్లీ తయారు చేయలేం. అందుకే ఫర్మ్‌వేర్ ఎక్కించే ముందు `git status` ఒకసారి చూస్తాం. లైబ్రరీల వెర్షన్లు కూడా ఖచ్చితమైన నంబరుతో కట్టేశాం, "ఇంతకంటే కొత్తదైనా పర్లేదు" అనే గుర్తు పెట్టలేదు.

పరీక్ష అయిపోయాక డేటా ఫైలుకి `sha256sum` తీసి, వచ్చిన పొడుగాటి వరసలో మొదటి 8 అక్షరాలు పేజీలో రాస్తాం. తర్వాత ఎప్పుడైనా ఆ ఫైల్లో ఒక్క అంకె మారినా ఆ 8 అక్షరాలు కలవవు. ఎవరో కావాలని మారుస్తారన్న అనుమానంతో చేస్తున్నది కాదు. స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేస్తే తేదీల రూపం మారిపోతుంది, దశాంశాలు ఎగిరిపోతాయి, అది చాలు.

17వ పరీక్ష: 219 గ్రాములు ఎక్కడికి పోయాయి

ఇది కుండీతో చేసిన మొదటి పొడుగు పరీక్ష. గ్రాఫ్ చక్కగా కిందికి వాలుతూ వస్తోంది, మధ్యలో ఒక్క నిమిషంలో బరువు 219 గ్రాములు పడిపోయి, మళ్లీ తర్వాతి నిమిషంలో యథాస్థానానికి వచ్చింది. నాతో కలిసి చేస్తున్న స్నేహితుడు చూడగానే "ఆ వరస తీసేయరా, ఏదో నాయిస్ అయ్యుంటుంది, గ్రాఫ్ పాడవుతోంది" అన్నాడు. "తీయొద్దురా, ముందు అది ఎలా వచ్చిందో తేలనీ" అని ఫైలు అలాగే ఉంచి పేజీ తెరిచాం.

మేం ప్రతి నిమిషం 20 రీడింగులు తీసి వాటి సగటు రాస్తాం, పక్కన ఆ 20లో అన్నిటికంటే చిన్నది, పెద్దది కూడా. ఆ వరసలో సగటు 893,000 దగ్గర ఉంది. పెద్దది మామూలుగా 940,000 దగ్గరే ఉంది. చిన్నది మాత్రం -1. HX711 పంపేది 24 బిట్లు. ఆ 24 బిట్లూ 1గానే చదివితే దాని విలువ -1 అవుతుంది. డేటా తీగ సరిగ్గా తగలక, చదివే సమయంలో పై స్థాయిలోనే ఉండిపోతే జరిగేది ఇదే. ఇప్పుడు లెక్క వేసి చూడండి: 19 రీడింగులు 940,000, ఒకటి -1, వీటి సగటు 893,000. తేడా 47,000, దాన్ని 214.8తో భాగిస్తే సరిగ్గా ఆ 219 గ్రాములు.

అంటే బరువు పడిపోలేదు, కుండీని ఎవరూ ముట్టుకోలేదు, ఇరవైలో ఒక్క రీడింగ్ చెడింది. బోర్డు దగ్గర పిన్ను కదిపి చూస్తే -1లు వరసగా వచ్చాయి, ఆ పిన్నుకి మళ్లీ టంకం పెట్టాం. చిన్నది-పెద్దది కాలమ్‌లు లేకపోయి ఉంటే మా దగ్గర ఉండేది 893,000 అనే ఒక్క అంకె మాత్రమే, దాన్ని చూసి ఎవరూ తీగ దాకా వెళ్లలేరు. పేజీలో ఫలితం దగ్గర ఇలా ఉంది: "విఫలం. కారణం: B1 డేటా పిన్ను వదులు. నిర్ధారణ: పిన్ను కదిపితే -1 తిరిగి వచ్చింది. చర్య: టంకం. 0.3 వెర్షన్‌లో సగటు బదులు మీడియన్." మీడియన్ అయితే ఇరవైలో ఒకటి రెండు చెడినా నడిమి విలువ చెక్కుచెదరదు. అయినా చిన్నది, పెద్దది కాలమ్‌లు తీసేయలేదు. మీడియన్ చెడ్డ రీడింగుల్ని దాచేస్తుంది కాబట్టి తీగ మళ్లీ వదులవుతుంటే మాకు తెలిసేది ఆ రెండు కాలమ్‌ల వల్లే.

ఇంకోటి. ఈ మార్పు వల్ల 17కి ముందు, తర్వాత వచ్చిన అంకెలు ఒకే పద్ధతిలో వచ్చినవి కావు. ఫైలు మొదట్లో వెర్షన్ ఉంది కాబట్టి స్క్రిప్టు తనే చూసుకుని, 0.2 ఫైళ్లలో చిన్నది -1గా ఉన్న వరసల్ని "చెడ్డది" అని గుర్తు పెట్టి పక్కన పెడుతుంది. చెరపదు.

19వ పరీక్ష: రాత్రి మొక్క బరువు పెరిగింది

అసలు కథ ఇక్కడుంది. 0.3 వెర్షన్‌తో పొద్దుటి నుంచి మర్నాడు తెల్లవారేదాకా కుండీ తూకం మీదే ఉంది. పగలు తగ్గాల్సినట్టే తగ్గింది. రాత్రి చూస్తే బరువు మెల్లగా, నున్నగా, ఎలాంటి కుదుపూ లేకుండా 5 గ్రాములు పెరిగింది. చాలా అందమైన వంపు. గాలిలో తేమని మట్టి పీల్చుకుంటోందా, ఆకుల మీద చెమ్మ చేరుతోందా అని బోలెడు ఊహలు వచ్చేశాయి. ఇలాంటి చోటే జాగ్రత్తగా ఉండాలి, చెడిన రీడింగ్ గ్రాఫ్‌లో ముల్లులా కనబడుతుంది కానీ నెమ్మదిగా జరిగే తప్పు అచ్చం ప్రకృతి లాగే కనబడుతుంది.

అదే ఫైల్లో ఉష్ణోగ్రత కాలమ్ ఉంది. రాత్రంతా 33 డిగ్రీల నుంచి 25కి దిగింది. బరువు వంపూ, ఉష్ణోగ్రత వంపూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉన్నాయి. మొక్క కూడా ఉష్ణోగ్రతని బట్టే నడుచుకుంటుంది కాబట్టి ఇంతమాత్రాన తూకం తప్పని తేల్చలేం, ఒప్పనీ అనలేం. తేల్చాలంటే మొక్క లేకుండా అదే రాత్రిని అదే చోట మళ్లీ చూడాలి.

21వ పరీక్ష: మొక్క చోట ఇనుము

ఈ పేజీ పై సగం యథాతథంగా:

"ప్రశ్న: రాత్రి కనబడే పెరుగుదల మొక్కదా, తూకానిదా? పద్ధతి: కుండీ బదులు 3,982 గ్రా. ఇనుప బిళ్ల, అదే చోటు, అదే బోర్డు B1, అదే ఫర్మ్‌వేర్. ఏమీ మార్చకూడదు. అంచనా: తూకానిదైతే బిళ్ల కూడా 5 నుంచి 10 గ్రా. పెరిగినట్టు చూపాలి. మొక్కదైతే బిళ్ల ±1 గ్రా. లోపలే ఉండాలి. 1 నుంచి 5 మధ్య వస్తే ఏదీ తేలనట్టే, మళ్లీ చేయాలి."

ఇనుమే ఎందుకంటే అది నీళ్లు పీల్చదు, వదలదు. ఇసుక సంచి పెడదామన్న ఆలోచన వచ్చింది కానీ ఇసుక కూడా తేమని బట్టి కాస్త మారుతుంది, అప్పుడు పరీక్షకి అర్థమే ఉండదు. ఏమీ మార్చకూడదని అంత గట్టిగా రాసుకోవడానికి కారణం కూడా ఉంది. అప్పటికే B2 బోర్డు పెట్టి చూద్దామని, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిద్దామని చేతులు దురద పెడుతున్నాయి. మూడూ ఒకేసారి మారిస్తే వంపు మాయమైనా దేని వల్ల మాయమైందో తెలియదు.

ఫలితం: సాయంత్రం 33 డిగ్రీల దగ్గర రీడింగ్ 939,530. తెల్లవారుజామున 25 దగ్గర 941,080. తేడా 1,550 అంకెలు, అంటే 7.2 గ్రాములు. ఇనుప బిళ్ల రాత్రికి రాత్రి 7 గ్రాములు లావెక్కదు. డిగ్రీకి 194 అంకెలు, గ్రాముల్లో 0.9 చొప్పున, చల్లబడేకొద్దీ రీడింగ్ పైకి పోతోంది. గాలి సాంద్రత మారడం వల్లనేమో అని కూడా లెక్క వేశాం. 4 లీటర్ల కుండీకైనా 8 డిగ్రీల తేడాకి అది 0.1 గ్రాము పైచిలుకు మాత్రమే, ఇనుప బిళ్లకి ఇంకా తక్కువ, కాబట్టి వదిలేశాం.

22వ పరీక్షలో పళ్లెం ఖాళీగా పెట్టి ఇంకో రాత్రి చూశాం, డిగ్రీకి 180 వచ్చింది. బరువున్నా లేకపోయినా దాదాపు అంతే కదులుతోందంటే కదులుతున్నది ముఖ్యంగా సున్నా. గ్రాముకి ఇన్ని అంకెలు అనే నిష్పత్తి పెద్దగా మారడం లేదు. ఇది తెలియడం అవసరం, ఎందుకంటే సున్నా కదిలితే కూడికతో సరిచేయాలి, నిష్పత్తి కదిలితే గుణకారంతో సరిచేయాలి.

24వ పరీక్ష: సవరణ పనిచేయలేదు

డిగ్రీకి 194 అని తేలింది కదా, 25 డిగ్రీల కంటే ఎంత ఎక్కువుంటే అన్ని 194లు కలిపేస్తే సరిపోతుందని స్క్రిప్టులో రాశాం. ఇనుప బిళ్లతోనే రోజంతా పరీక్ష. అంచనా: పగలూ రాత్రీ కలిపి ±1 గ్రా. లోపల ఉండాలి. రాలేదు. సాయంత్రం చల్లబడుతూ 28 డిగ్రీల దగ్గర ఉన్నప్పటికంటే పొద్దున వేడెక్కుతూ అదే 28 దగ్గర ఉన్నప్పుడు బిళ్ల 3 గ్రాములు ఎక్కువ తూగింది.

ఇక్కడ టైముకి బరువు గీసే మామూలు గ్రాఫ్ చూస్తే ఏదో మిగిలిందని తెలుస్తుంది గానీ ఏమిటో తెలియదు. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా ముడి రీడింగ్ పెట్టి గీస్తే వెంటనే బయటపడుతుంది. ఉష్ణోగ్రత సెన్సర్ కొలిచేది సెల్ ఉష్ణోగ్రతనే అయితే చుక్కలన్నీ ఒక గీత మీద పడాలి. మాకు గీత రాలేదు, పొడుగాటి గుడ్డు ఆకారం వచ్చింది, వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఒక దారి. ఇలా వచ్చిందంటే కొలిచే ఉష్ణోగ్రతకీ, సెల్ అసలు ఉష్ణోగ్రతకీ మధ్య ఆలస్యం ఉందని అర్థం. మా DS18B20 సెన్సర్ సర్క్యూట్ డబ్బాలో ఉంది. పల్చటి ప్లాస్టిక్ డబ్బా గాలితో పాటే చల్లబడుతుంది. సెల్ మాత్రం అల్యూమినియం దిమ్మ, పైనా కిందా పలకలకి బిగించి ఉంది, దానికి టైము పడుతుంది. సాయంత్రం డబ్బా 28 చెప్పేసరికి సెల్ ఇంకా వెచ్చగా ఉంది, పొద్దున డబ్బా 28 చెప్పేసరికి సెల్ ఇంకా చల్లగా ఉంది. 3 గ్రాములంటే రెండు పూటలా కలిపి 3 డిగ్రీల పైన తేడా.

పుస్తకంలో దీన్ని "విఫలం" అనే రాశాం, కానీ ఈ ప్రాజెక్టులో ఎక్కువ పని చేసింది ఈ పేజీయే. ఆ గుడ్డు ఆకారపు గ్రాఫ్‌ని ప్రింట్ తీసి పేజీలో అంటించాం, అంచు మీద సగం కాగితం మీదా సగం పేజీ మీదా పడేలా తేదీ రాశాం, ఊడిపోయినా ఎక్కడిదో తెలియాలని.

ఇదే ఫైల్లో ఇంకో వింత. పరికరం మధ్యలో ఒకసారి రీస్టార్ట్ అయింది, ఆ వెంటనే వచ్చిన వరసలో ఉష్ణోగ్రత సరిగ్గా 85.0. DS18B20కి కరెంటు అందగానే లోపల ఉండే మొదటి విలువ అది. కొలత పూర్తయ్యేదాకా ఆగకుండా చదివితే అదే వస్తుంది, 12 బిట్ల కొలతకి 750 మిల్లీసెకన్ల దాకా ఆగాలి. సవరణ ఆ 85ని నమ్మి 60 డిగ్రీల తేడాకి 54 గ్రాములు కలిపేసింది. ఒకవేళ సవరణని ESP32లోనే చేసి గ్రాములు మాత్రమే రాసి ఉంటే ఈ 54 గ్రాములు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతకడానికి దారే ఉండేది కాదు. ముడి రీడింగ్ పక్కనే 85.0 కనబడుతోంది కాబట్టి చూసిన వెంటనే దొరికిపోయింది.

26వ పరీక్ష: సెన్సర్‌ని సెల్ మీదికి

సెన్సర్‌ని డబ్బాలోంచి తీసి, కాస్త థర్మల్ పేస్టు పెట్టి, లోడ్ సెల్ పక్కకి టేపుతో అంటించాం. వంగే మధ్య భాగం మీద కాదు, పలకకి బిగించి కదలకుండా ఉండే చివర దగ్గర. వంగే చోట ఏది అంటించినా, తీగ లాగినా అది కూడా బరువు లాగే లెక్కలోకి వస్తుంది. ఈ మార్పుకి హార్డ్‌వేర్ గుర్తు కూడా మార్చాం, ఫైలు మొదట్లో ఇకమీదట సెన్సర్ ఎక్కడుందో ఉంటుంది.

గుడ్డు ఆకారం నలిగి దాదాపు గీతైపోయింది. వాలు డిగ్రీకి 201 వచ్చింది, 194 కాదు. సెల్ దగ్గర రాత్రి తేడా 8 డిగ్రీలు కాదు, 7.7, అదే 1,550 అంకెల్ని దానితో భాగిస్తే 201. అంటే ఈ సంఖ్య సెల్‌కి మాత్రమే సంబంధించింది కాదు, సెన్సర్ ఉన్న చోటుకి కూడా. అందుకే నోట్‌బుక్‌లో "194 (డబ్బాలో సెన్సర్)", "201 (సెల్ మీద సెన్సర్)" అని విడివిడిగా రాసుంది. సవరణ తర్వాత ఇనుప బిళ్ల పగలూ రాత్రీ ±0.8 గ్రా. లోపలే ఉంది. దీన్నే మా తూకం అనిశ్చితి అని తీసుకున్నాం, దానికంటే చిన్న తేడాల గురించి ఏమీ చెప్పకూడదని పేజీలో రాశాం.

వెనక్కి వెళ్లి పాత ఫలితాలు

ఇప్పుడు పాత ఫైళ్లని ఏం చేయాలన్న ప్రశ్న. ముడి రీడింగులు ఉన్నాయి కాబట్టి మళ్లీ లెక్కించొచ్చు. కానీ ఎంత దూరం లెక్కించొచ్చో పేజీలే చెబుతాయి.

19వ పరీక్షలో ఉష్ణోగ్రత ఉంది, అయితే డబ్బాలోది. 194తో సవరిస్తే 5 గ్రాములు పెరిగిన కుండీ నిజానికి 2 గ్రాములు తగ్గినట్టు వస్తుంది. ఇది చూడగానే "రాత్రిపూట 2 గ్రాములు తగ్గుతోంది" అని రాసేయాలనిపిస్తుంది, వినడానికి సబబుగా కూడా ఉంది. కానీ డబ్బా సెన్సర్ ఆలస్యం వల్ల 3 గ్రాముల దాకా తేడా రావచ్చని 24వ పేజీ చెబుతోంది. కాబట్టి 19 నుంచి తీసుకోగలిగింది ఒక్కటే: 5 గ్రాముల పెరుగుదల నిజం కాదు. తగ్గిందా లేదా అన్నది ఆ ఫైలు చెప్పలేదు. 19వ పేజీ అంచున వేరే రంగు పెన్నుతో, ఈ రోజు తేదీ వేసి, "24 చూడండి, పెరుగుదల తూకానిది, తగ్గుదల ఈ డేటాతో తేలదు" అని రాశాం. పాత రాతని ముట్టుకోలేదు, అప్పుడు ఏమనుకున్నామో అది అలాగే ఉండాలి.

0.2 కంటే ముందు ఫైళ్లలో ఉష్ణోగ్రత కాలమే లేదు. వాటిని ఏ సవరణా కాపాడలేదు. ఆ పేజీల మీద "ఉష్ణోగ్రత లేదు, 7 గ్రా. కంటే చిన్న తేడాలకి వాడకూడదు" అని రాసి ఉంది. పగటి తగ్గుదల అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి వాటిలోనూ కొంత పనికొస్తుంది. అందుకే మొత్తంగా పారేయలేదు. 12వ పరీక్షకి మాత్రం `-dirty` ఉంది, ప్యాచ్ ఫైలు లేదు, అందువల్ల అది ఏ కోడ్‌తో నడిచిందో ఎప్పటికీ తెలియదు. అందులో అంకెలు ఎంత బాగున్నా ఏ గ్రాఫ్‌లోనూ చేర్చడం లేదు.

ఇప్పుడు

కుండీ మళ్లీ తూకం మీద ఉంది, సెల్ మీద సెన్సర్, 0.4 వెర్షన్. మొదటి రాత్రి సవరించాక 2 నుంచి 3 గ్రాముల మధ్య తగ్గుదల వచ్చింది, అనిశ్చితి ±0.8. ఇది మొక్క నుంచి పోయిందా, తడి మట్టి పైనుంచి ఆవిరైందా అన్నది ఈ కొలత చెప్పదు. అందుకే తర్వాతి పరీక్షకి కుండీ పైభాగాన్ని కాండం చుట్టూ ప్లాస్టిక్ షీటుతో కప్పి, అంచులు టేపుతో మూసేస్తున్నాం. పేజీ పై సగం నింపేశాం: మట్టి నుంచే పోతోందంటే రాత్రి తగ్గుదల 0.8 గ్రాముల లోపలికి రావాలి, ఆకుల నుంచే అయితే ముందులాగే 2 పైన ఉండాలి, మధ్యలో వస్తే రెండూ కలిసి ఉన్నాయని తీసుకుని వేరే పద్ధతి వెతకాలి. షీటు, టేపు బరువు వల్ల సున్నా మారదు గానీ మొత్తం మారుతుంది, కాబట్టి కప్పాక అరగంట ఆగి మొదటి రీడింగ్ తీయాలని కింద గీత గీసి మరీ రాశాం.